మొదట కనిపించిందల్లా అసలుది కాదు: సెర్చ్ పేజీలో ప్రకటనల్ని గుర్తుపట్టడం ఎలా

మా మేనత్త గుడివాడలో ఉంటుంది. పోయిన వేసవిలో వాళ్లింట్లో వాషింగ్ మెషిన్ తిరగడం మానేసింది. కొని ఏడాది కూడా కాలేదు. వాళ్లబ్బాయి కొనిచ్చిన ఫోన్‌లో మైక్ నొక్కి, కంపెనీ పేరు చెప్పి, పక్కన "సర్వీస్ సెంటర్" అని కలిపి వెతికింది. మొట్టమొదట వచ్చినదాని కింద కాల్ బటన్ ఉంటే నొక్కేసింది. గంటన్నరలో బ్యాగు తగిలించుకుని ఒక కుర్రాడు వచ్చాడు. వెనక మూత విప్పి చూసి, "బోర్డు పోయిందమ్మా, మూడు వేల ఎనిమిది వందలవుతుంది" అన్నాడు. వారంటీ ఉంది కదా బాబూ అంటే, "వారంటీ పనులు మేం చూడమండీ, కంపెనీ వేరు, మేం వేరు" అన్నాడు. వచ్చినందుకు 450 రూపాయలు తీసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం నాకు ఫోన్. "ఒరేయ్, గూగులే చూపించింది కదరా! కంపెనీ వాళ్లు కానప్పుడు అందరికంటే ముందు ఎందుకు పెట్టారు?"

"డబ్బులిచ్చారు కాబట్టి పెట్టారత్తా" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. బస్సు సీటు మీద జేబురుమాలు వేసినట్టు ఆ మొదటి చోటు డబ్బిచ్చి పట్టుకోవచ్చని ఆవిడకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. తరవాతి ఆదివారం వెళ్లి, ఆవిడ ఫోన్‌లోనే, అదే మాట మళ్లీ వెతికించి, పేజీ మొత్తం ఎలా చదవాలో చూపించాను. ఇక్కడ రాస్తున్నది ఆ రోజు చూపించిన వరుసే. గూగుల్ గురించే రాస్తున్నాను, ఎందుకంటే మనవాళ్ల ఫోన్లలో దాదాపు అందరికీ ఉండేది అదే.

## ఒకే పేజీలో రెండు రకాల సరుకు

వెతికితే వచ్చే పేజీ చూడటానికి ఒకే జాబితాలా ఉంటుంది. నిజానికి అందులో రెండు వేరు వేరు పద్ధతుల్లో వచ్చిన సరుకు కలిసి ఉంటుంది.

మొదటిది మామూలు ఫలితాలు. గూగుల్ ఇంటర్నెట్‌లో ఉన్న పేజీలను ముందే తిరిగి చదివి, ఏ పేజీలో ఏముందో రాసిపెట్టుకుంటుంది. మనం ఏదైనా అడిగినప్పుడు ఆ పుస్తకం తిరగేసి, మన మాటలకు దగ్గరగా ఉన్నవాటిని, నలుగురూ నమ్మే సైట్లను ముందుకు తెచ్చి చూపిస్తుంది. ఈ వరుసలో పైకి రావడానికి గూగుల్‌కు కట్టే రుసుము ఏదీ లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లు వీటిని "ఆర్గానిక్" అంటారు. రసాయన ఎరువులు వేయకుండా పండించిన కూరగాయల్లాగా, డబ్బు చల్లకుండా మొలిచినవి అని.

రెండోది ప్రకటనలు. ఇవి వేలంలో వస్తాయి. గుడివాడలో రిపేరు షాపు నడిపే ఒకతను గూగుల్‌కు ముందే చెప్పి ఉంచుతాడు: "ఈ చుట్టుపక్కల, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా, ఎవరైనా వాషింగ్ మెషిన్ సర్వీస్ అని వెతికితే నా ప్రకటన చూపించండి. నొక్కినందుకు ఇంత దాకా ఇస్తాను." అలా చెప్పినవాళ్లు పది మంది ఉంటే, మా అత్త వెతికిన క్షణంలోనే వాళ్ల మధ్య వేలం జరిగిపోతుంది. ఎక్కువ పాట పాడినవాడే గెలుస్తాడని కూడా లేదు. ఆ ప్రకటనను జనం ఎంతగా నొక్కే అవకాశం ఉంది, అది తీసుకెళ్లే పేజీ ఎలా ఉంది అన్నదీ కలిపి లెక్కేస్తారు. ఇలాంటి ప్రకటనకు మామూలుగా నొక్కినప్పుడే డబ్బు పడుతుంది, చూసినందుకు కాదు. అందుకే ప్రకటన రాసేవాడి ఆలోచనంతా మన వేలిని ఎలా రప్పించాలా అన్నదాని మీదే ఉంటుంది.

ఇది కళ్లారా చూడాలంటే రెండు వెతుకులాటలు చేయండి. ముందు `పెసరట్టు ఎలా చేయాలి` అని వెతకండి. ప్రకటనలు ఉండవు, లేదా ఒకటీ అరా ఉంటాయి. పెసరట్టు అడిగినవాళ్ల దగ్గర వ్యాపారికి వచ్చేదేముంది? తరవాత `home loan` అని వెతకండి. చాలాసార్లు స్క్రీన్ నిండా ప్రకటనలే వస్తాయి, మామూలు ఫలితం చూడటానికి వేలితో పేజీని బాగా పైకి తోయాలి. అప్పు, ఇన్సూరెన్స్, రిపేరు, హోటల్ గది, కోచింగ్, ఆస్పత్రి ఆపరేషన్: మన జేబులోంచి డబ్బు కదిలే మాట ఏదైనా సరే, దాని చుట్టూ ప్రకటనలు మూగుతాయి. అలాంటి మాట వెతుకుతున్నామని తెలిస్తే, పేజీ రాకముందే కాస్త జాగ్రత్త పడొచ్చు.

## మొదటి పని: వేలు వెనక్కి తీసుకుని, Sponsored అనే మాట కోసం చూడటం

పేజీ రాగానే ఏదీ నొక్కకండి. అన్నిటికంటే పైన ఉన్నదానికి నెత్తిన సన్నటి అక్షరాల్లో Sponsored అని గానీ, Sponsored results అని గానీ ఉందేమో చూడండి. ప్రాయోజకులు డబ్బు కట్టినది అని దాని అర్థం. ఫోన్‌ను తెలుగులో పెట్టుకున్నవాళ్లకు ఆ మాట తెలుగు లిపిలో ఉండొచ్చు, కానీ చోటు మాత్రం అదే: శీర్షికకు పైన, ఎడమ వైపు.

మా అత్త దీన్ని ఎందుకు చూడలేదంటే, చూడటానికి వీలుగా లేదు కాబట్టి. గూగుల్ ఈ ప్రకటనల వ్యాపారం 2000లో మొదలుపెట్టింది. చాలా ఏళ్ల పాటు పైన వచ్చే ప్రకటనల వెనక లేత రంగు పూసి ఉండేది, దూరం నుంచి చూసినా ఆ ముక్క వేరుగా కనబడేది. 2013 ప్రాంతంలో ఆ రంగు తీసేసి, చిన్న పసుపు పట్టీ మీద Ad అని రాశారు. 2016లో ఆ పసుపు ఆకుపచ్చ అయింది. తరవాత పట్టీ కూడా పోయి, నల్లటి అక్షరాల్లో Ad మాత్రమే మిగిలింది. 2022లో ఫోన్లలో దాని బదులు Sponsored వచ్చింది. గుర్తు ఉంది, లేదనలేం. కాకపోతే మామూలు ఫలితానికీ ప్రకటనకీ మధ్య తేడా ఏటేటా పలచబడుతూ వచ్చిందన్నది నా అభిప్రాయం. అరవై దాటిన కంటికి ఆ అక్షరాలు ఆనకపోతే తప్పు కంటిది కాదు.

2025 చివర్లో ఇంకో మార్పు వచ్చింది, ఇది తెలుసుకోవాలి. ఇదివరకు ప్రతి ప్రకటన నెత్తినా ఆ మాట విడివిడిగా ఉండేది. ఇప్పుడు ప్రకటనలన్నిటినీ ఒక గుంపుగా పెట్టి, గుంపు మొత్తానికి పైన ఒకే ఒక్క Sponsored results పెడుతున్నారు. గుంపులో నాలుగు దాకా ఉండొచ్చు. మనం కిందికి పోతుంటే ఆ మాట కూడా స్క్రీన్ పైభాగాన అతుక్కుని మనతో పాటు వస్తుంది. అంటే మూడో ప్రకటన దగ్గర ఆగి, దాని నెత్తిన ఏమీ రాసి లేదు కాబట్టి మామూలు ఫలితమే అనుకుంటే పొరపాటు పడతాం. స్క్రీన్ పైభాగం కూడా చూడాలి.

మరి గుంపు ఎక్కడ ముగిసిందో తెలిసేదెలా? ప్రకటనల చివర Hide sponsored results అని ఒక బటన్ ఉంటుంది. అదే సరిహద్దు రాయి. దాని కింద నుంచి మామూలు ఫలితాలు మొదలవుతాయి. ఆ బటన్ నొక్కితే ఆ ప్రకటనలు ముడుచుకుపోతాయి కూడా. ఎటొచ్చీ, దాన్ని నొక్కాలంటే ముందు ప్రకటనలన్నీ దాటుకుని రావాలి. ప్రహరీ గోడ ఎక్కి దూకాక గేటు కనబడినట్టు ఉంటుంది వ్యవహారం. మీ ఫోన్‌లో పాత పద్ధతి కనిపించినా, కొత్తది కనిపించినా కంగారేమీ లేదు. వెతకాల్సిన మాట రెండింట్లోనూ ఒకటే.

పైన చూశాం కదా అని ఊరుకోకూడదు. పేజీ అడుగున కూడా ఇంకో గుంపు రావచ్చు. ఫలితాలన్నీ చూసి, ఏదీ నచ్చక, చివరిదాన్ని నొక్కేవాళ్లు అక్కడ దొరుకుతారు. వస్తువు ఏదైనా వెతికితే ఫొటో, ధర, షాపు పేరుతో అట్టముక్కల్లా అడ్డంగా పేర్చినవి వస్తాయి. వాటి నెత్తిన కూడా అదే మాట ఉందేమో చూడాలి. మ్యాప్‌తో పాటు వచ్చే షాపుల జాబితాలోనూ ఒకటి రెండు డబ్బు కట్టినవి దూరతాయి.

## అనుమానంగా ఉంటే మూడు చుక్కలు

అక్షరాలు కనబడలేదు, లేదా గుంపు ఎక్కడ ముగిసిందో తేలలేదు. అప్పుడు ప్రతి ఫలితానికీ కుడి పక్కన నిలువుగా ఉండే మూడు చుక్కలు నొక్కండి. ఇవి నొక్కితే ఆ సైటుకు వెళ్లిపోం, భయం లేదు. కింది నుంచి ఒక చిన్న పేజీ పైకి వస్తుంది.

అది మామూలు ఫలితమైతే About this result అని వచ్చి, ఆ సైటు ఏమిటో, ఎవరిదో తెలిసినంత వరకు రెండు ముక్కలు చెబుతుంది. ప్రకటన అయితే My Ad Center అని వస్తుంది. అందులో డబ్బు కట్టినవాళ్ల పేరు, వాళ్లు ఏ దేశం వాళ్లన్నది ఉంటాయి. ఈ ఒక్క తేడాతో దాదాపు ప్రతిసారీ విషయం తేలిపోతుంది.

ఆ ఆదివారం మా అత్త నొక్కిన ప్రకటనకే ఈ పరీక్ష పెట్టాం. శీర్షికలో కంపెనీ పేరు పెద్దగా ఉంది. మూడు చుక్కలు నొక్కితే, డబ్బు కట్టినవాడి చోట కంపెనీ పేరు లేదు. ఎవరిదో ఒక మనిషి పేరు, పక్కన India అని ఉన్నాయి. "ఇతనెవర్రా?" అంది. "నీకు 450 అయ్యేలా చేసినాయన" అన్నాను.

ఇక్కడే ఒక మాట. ఆ పేజీలో పేరు పక్కన గుర్తింపు సరిచూశామన్నట్టు రాసి ఉంటుంది. దాని అర్థం, ఆ మనిషి తన పేరుకు సరిపోయే కాగితాలు గూగుల్‌కు చూపించాడని మాత్రమే. అతను కంపెనీ అనుమతి ఉన్న సర్వీస్ సెంటర్ అని కాదు. ఆధార్ కార్డు ఉన్నంత మాత్రాన అందరూ మెకానిక్కులు కారు కదా.

## శీర్షికను కాదు, అడ్రసును చదవాలి

ప్రకటనలో నీలం రంగులో పెద్దగా కనిపించే శీర్షిక అవతలివాడు రాసుకున్నది. కాకపోయినా Official, Authorised అని రాసుకుని జనాన్ని తప్పుదారి పట్టించకూడదని గూగుల్‌కు నియమాలున్నా, కన్నుగప్పి పెట్టేవాళ్లు పెడుతూనే ఉంటారు. పైగా మనం టైపు చేసిన మాటకు సరిపోయే పదం శీర్షికలో దానంతటదే వచ్చి కూర్చునే ఏర్పాటు కూడా ప్రకటనలకు ఉంది. ఒకే ప్రకటన ఫ్రిజ్ అడిగినవాళ్లకు ఫ్రిజ్ రిపేర్ అని, ఏసీ అడిగినవాళ్లకు ఏసీ రిపేర్ అని కనబడగలదు. "సరిగ్గా నేను అడిగిందే వచ్చింది" అన్న నమ్మకం చాలాసార్లు అక్కడి నుంచే పుడుతుంది.

శీర్షికకు పైన చిన్న బొమ్మ, సైటు పేరు, దాని కింద అడ్రసు ఉంటాయి. బొమ్మనీ, పేరునీ ఎవరైనా ఎలాగైనా పెట్టుకోవచ్చు. అడ్రసులో మాత్రం ఒక భాగం ఉంది, దాన్ని ఇద్దరు పెట్టుకోలేరు. ఆ భాగాన్ని పట్టుకోవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

తిరుమల దేవస్థానం వారి సైటునే తీసుకుందాం. దేవస్థానం పేరుతో దొంగ సైట్లు వస్తున్నాయని వాళ్లే ఎన్నోసార్లు భక్తులను హెచ్చరించారు. అసలు అడ్రసు ఇది:

```
ttdevasthanams.ap.gov.in
```

దీన్ని ఉర్దూ చదివినట్టు కుడి నుంచి ఎడమకు చదవాలి. చివర in అంటే ఇండియా. దానికి ముందు gov, అంటే ప్రభుత్వం. gov.in అనే చివర ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు, బజార్లో కొనుక్కోవడానికి దొరకదు. దానికి ముందు ap, అంటే ఆంధ్రప్రదేశ్. ఆ తరవాతే దేవస్థానం పేరు. కుడి చివర గట్టిగా ఉంది కాబట్టి ఎడమ వైపు ఉన్నదాన్ని నమ్మొచ్చు.

మోసగాడు చేసేది ఏమిటంటే, ఈ పదాలన్నీ ఎడమ వైపే ఉంచి కుడి చివర మార్చేస్తాడు. చుక్క ఉండాల్సిన చోట అడ్డగీత పెట్టి, ap, gov అన్న అక్షరాలు అలాగే కనబడేలా రాసి, ఆఖరున com అనో, org అనో, ఉత్త in అనో తగిలిస్తాడు. ఇవి మూడూ ఎవరైనా కొన్ని వందల రూపాయలకు కొనుక్కోగల చివరలు. గబగబా ఎడమ నుంచి చదివితే మన కంటికి దేవస్థానం పేరు, gov అన్న మాట కనిపించి ఊరటగా ఉంటుంది. కుడి నుంచి చదివితే మొదటి అడుగులోనే దొరికిపోతాడు.

ప్రకటనల్లో ఇంకో కిటుకు ఉంది. అడ్రసు తరవాత ఏటవాలు గీతో, చిన్న బాణం గుర్తో వచ్చి, దాని వెనక ఇంకేవో మాటలు కనిపిస్తాయి. ప్రకటన ఇచ్చేవాడు ఆ మాటల్ని తనకు తోచినట్టు రాసుకోవచ్చు, గూగుల్ ఒప్పుకుంటుంది. కంపెనీ పేరు అక్కడ కనిపిస్తే దానికి విలువ లేదు. మా అత్త చూసిన ప్రకటనలో సరిగ్గా ఇదే జరిగింది. అడ్రసు మొదటి భాగంలో ఏదో హోమ్ సర్వీసుల పేరు ఉంది. కంపెనీ పేరు, సర్వీస్ అన్న మాట రెండూ గీత తరవాతే ఉన్నాయి.

## లోపలికి వెళ్లిపోయాక కూడా తెలుసుకోవచ్చు

పొరపాటున నొక్కేశారు, సైటు తెరుచుకుంది. ప్రకటన ద్వారా వచ్చామా, మామూలుగా వచ్చామా అని ఇప్పుడు కూడా చూడొచ్చు. పైన అడ్రసు ఉండే గడి మీద ఒకసారి నొక్కితే పూర్తి అడ్రసు బయటపడుతుంది. దాన్ని కుడి వైపుకి జరుపుకుంటూ పోతే, ప్రశ్నార్థకం తరవాత ఎక్కడో ఇలాంటి ముక్క కనిపిస్తుంది:

```
?gad_source=1&gclid=...
```

gclid అన్నది గూగుల్ అతికించే చీటీ. ఫలానా ప్రకటన నొక్కి వచ్చిన మనిషి ఇతను అని, షాపువాడు లెక్క చూసుకోవడానికి. కల్యాణ మండపం దగ్గర చెప్పులకు ఇచ్చే టోకెన్ లాంటిది. మామూలు ఫలితం నొక్కి వెళ్తే గూగుల్ ఈ టోకెన్ ఇవ్వదు. అది కనిపిస్తే మీరు ప్రకటన దారిలో వచ్చినట్టే లెక్క. కనిపించకపోతే మాత్రం మామూలు దారి అని గ్యారంటీ లేదు, ఎందుకంటే కొన్ని సైట్లు లోపలికి వెళ్లగానే ఆ ముక్కను చెరిపేస్తాయి. టోకెన్ ఉందని భయపడాల్సిన పని కూడా లేదు. అడ్రసులో మొదటి ఏటవాలు గీతకు ముందున్న భాగాన్ని కుడి నుంచి చదివి, ఎవరి ఇంట్లో ఉన్నామో తేల్చుకుంటే చాలు.

## అన్నిటికంటే తొందరపెట్టేది కాల్ బటన్

పైన చెప్పిన పరీక్షలన్నీ మనం ఆగి చూస్తేనే పనికొస్తాయి. కాల్ బటన్ ఆ ఆగడాన్ని లేకుండా చేస్తుంది. ఫోన్‌లో వచ్చే కొన్ని ప్రకటనల కింద నేరుగా కాల్ చేసే ఏర్పాటు ఉంటుంది. నొక్కితే సైటు తెరుచుకోదు, నంబరు డయల్ గడిలోకి వచ్చేస్తుంది. ఎవరి సైటు, అడ్రసు ఏమిటి అని చూసే మెట్టే ఉండదు. మెషిన్ ఆగిపోయి, బట్టలు నీళ్లలో నానుతూ టెన్షన్‌లో ఉన్న మనిషి ఆ బటన్‌నే నొక్కుతుంది.

అందుకని కస్టమర్ కేర్ నంబరు ఏదైనా సరే, సెర్చ్ పేజీలోంచి నేరుగా కాల్ చేయొద్దని మా ఇంట్లో అందరికీ చెప్పాను. బ్యాంకు అయితే కార్డు వెనక నంబరు ఉంటుంది. వాషింగ్ మెషిన్‌కు వారంటీ కార్డు మీద, చాలాసార్లు మెషిన్ వెనకో పక్కనో అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. మా అత్త వారంటీ కార్డు టీవీ కింద సొరుగులో, గ్యాస్ పుస్తకం కింద దొరికింది. దాని మీదున్న నంబరుకు చేస్తే మర్నాడు కంపెనీ మనిషి వచ్చి, తలుపు లాక్ పోయిందని చెప్పి, పైసా తీసుకోకుండా మార్చి వెళ్లాడు. బోర్డు బాగానే ఉంది.

కార్డు దొరకకపోతే? సర్వీస్ సెంటర్ అని కాకుండా కంపెనీ పేరు ఒక్కటే వెతకండి. ప్రకటనలు దాటి, మామూలు ఫలితాల్లో కంపెనీ సొంత సైటును కుడి చివర నుంచి చదివి తేల్చుకోండి. సైటు లోపల Support లేదా Contact Us దగ్గరున్న నంబరు తీసుకోండి. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

## ప్రకటన అయితే చెడ్డదని కాదు, కాకపోతే మంచిదనీ కాదు

ఇదంతా విన్నాక మా అత్త రెండో కొసకు పోయింది. Sponsored కనిపిస్తే చాలు, దొంగ అంటోంది. అదీ సరికాదు. పెద్ద పెద్ద బ్యాంకులు, విమాన కంపెనీలు తమ పేరు వెతికినవాళ్లకు కూడా తమ ప్రకటనే ముందు చూపించుకుంటాయి. లేకపోతే పోటీవాడు ఆ చోటు కొనేస్తాడు. ఒక కంపెనీ పేరు వెతికితే నెత్తిన ఇంకో కంపెనీ ప్రకటన కనిపించడం మామూలే. అడ్రసు కుడి చివర సరిగ్గా ఉంటే ప్రకటన నొక్కి వెళ్లినా అదే ఇంటికి చేరతాం.

గుడివాడలో వచ్చిన కుర్రాడిని కూడా నేను మోసగాడు అనను. వారంటీ అయిపోయిన మెషిన్ అయితే కంపెనీ కంటే తక్కువకే బాగుచేసేవాడేమో. కాకపోతే లాక్ పోతే బోర్డు అన్నాడు, అది వేరే సంగతి.

ఇటు మామూలు ఫలితాల్లోనూ నేల గట్టిగా ఏమీ లేదు. గూగుల్ ఏ పేజీని ఇష్టపడుతుందో కనిపెట్టి, దానికి తగ్గట్టు పేజీలు రాసి పైకి తెచ్చుకునే పని ఒకటి ఉంది. దాన్ని ఎస్‌ఈఓ అంటారు, దాని మీదే బతికేవాళ్లు చాలామంది ఉన్నారు. "పది మంచి వాషింగ్ మెషిన్లు" అంటూ వచ్చే పేజీ మామూలు ఫలితమే కావచ్చు. కానీ అందులో లింకు నొక్కి కొంటే ఆ రాసినవాడికి కమిషన్ పోతుంది. గూగుల్‌కు డబ్బు కట్టలేదు కాబట్టి Sponsored ఉండదు. మంచి సైట్లలో అయితే పేజీ పైనో కిందో affiliate అన్న మాటతో ఆ సంగతి చెబుతారు. మ్యాప్‌లో కనిపించే షాపుల జాబితా కూడా అంతే, పేరు చాలావరకు ఎవరికి వారు నమోదు చేయించుకున్నదే.

మన దేశంలో 2023 నవంబరులో కొనేవాళ్లను ఏమార్చే ఆన్‌లైన్ ఎత్తుగడల మీద కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో, ప్రకటనను వార్తలాగానో, మామూలు సమాచారంలాగానో వేషం కట్టించి చూపించడాన్ని తప్పుడు పద్ధతుల్లో ఒకటిగా చేర్చారు. అంటే ప్రకటన అని ఎక్కడో ఒక చోట రాయాల్సిందే. ఎంత పెద్ద అక్షరాల్లో రాశారన్నదే ఇప్పుడు మన కంటికి పరీక్ష.

ప్రకటన నొక్కి, మాటల్లో పడి డబ్బు పంపేసి ఉంటే ఈ పరీక్షలన్నీ పక్కన పెట్టి వెంటనే 1930కి ఫోన్ చేయాలి. సైబర్ మోసాలకు కేంద్రం పెట్టిన నంబరు అది. ఫిర్యాదు cybercrime.gov.in లో కూడా రాయొచ్చు. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ. మా అత్తకు ఆ అవసరం రాలేదు, 450తో పోయింది.

మొన్న దసరాకు ముందు మళ్లీ ఫోన్ చేసింది. తిరుపతిలో గది కోసం వెతుకుతోంది. "ఒరేయ్, మొదటి నాలుగూ దాటేశాను. ఆ దాచేసే బటన్ కూడా నొక్కాను. ఇప్పుడు అయిదోది చూస్తున్నా. చివర in ఉంది, దాని ముందు gov లేదు. ఏదో హోటల్ వాళ్లదిలే, దేవస్థానం వాళ్లది కాదు. కిందికి పోతున్నా, నువ్వు లైన్‌లోనే ఉండు."